రెండు లోహాల మధ్య 56 మైక్రాన్లు

హైస్కూలు సైన్సు పుస్తకంలో ద్విలోహ పట్టీ బొమ్మను చాలామంది చూసే ఉంటారు. ఒకవైపు ఇత్తడి, ఇంకోవైపు ఇనుము, కింద సారాదీపం. వేడి తగలగానే పట్టీ వంగుతుంది. ఇత్తడి వంపుకు బయటివైపు, ఇనుము లోపలివైపు ఉంటాయి. ఇత్తడి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి ఇలా జరుగుతుందని ఒక వాక్యం రాసి పాఠం ముగించేస్తారు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ అసలు ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి. పట్టీ ఎంత వంగుతుంది? వంగినప్పుడు ఆ రెండు లోహాలూ ఒకదాన్నొకటి ఎంత బలంతో పట్టుకుని ఉంటాయి? ఆ బలం అతుకులో ఏ చోట పనిచేస్తుంది?

ఈ మూడింటికీ జవాబు తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఒక పట్టీని తీసుకుని, దాని కొలతలతో ఓపిగ్గా చివరిదాకా వెళితే చాలు. ఉక్కు, ఇత్తడి రేకులు ఒక్కోటి అర మిల్లీమీటరు మందం, 10 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. పొడవు ఉన్నాయనుకుందాం. రెంటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఎక్కడా జారకుండా అతికించాం. గది ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గర పట్టీ నిటారుగా ఉంది, లోపల ఏ బిగువూ లేదు. ఇప్పుడు దాన్ని మరిగే నీళ్లలో ముంచుదాం. ఉష్ణోగ్రత 80 డిగ్రీలు పెరుగుతుంది.

సారాదీపం బదులు మరిగే నీళ్లు ఎందుకంటే, దీపం పట్టీలో ఒక చోటును ఎక్కువగా, మిగతా భాగాన్ని తక్కువగా కాలుస్తుంది. అప్పుడు వంపు చోటుకో తీరుగా ఉంటుంది. నీళ్లలో పట్టీ అంతా ఒకే వేడికి వస్తుంది. మందం అడ్డంగా చూస్తే మిల్లీమీటరు లోహంలో వేడి సర్దుకోవడానికి సెకనులో చిన్న భాగం చాలు. కాబట్టి పై నుంచి కింద దాకా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే ఉష్ణోగ్రత అని ధైర్యంగా అనుకోవచ్చు. ఇక వంపుకు కారణం ఒక్కటే మిగులుతుంది, రెండు లోహాల వ్యాకోచ గుణకాల్లో ఉన్న తేడా.

ఇత్తడి ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో 19 వంతులు పెరుగుతుంది, ఉక్కు 12 వంతులు పెరుగుతుంది. మిశ్రమం మారితే ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి కానీ మన లెక్కకు ఇవి సరిపోతాయి. అతికించకుండా విడివిడిగా వేడి చేస్తే 100 మి.మీ. ఇత్తడి రేకు 0.152 మి.మీ. సాగుతుంది, ఉక్కు రేకు 0.096 మి.మీ. సాగుతుంది. తేడా 0.056 మి.మీ., అంటే 56 మైక్రాన్లు. కథంతా ఈ 56 మైక్రాన్లదే. అతుకు ఉంది కాబట్టి ఇత్తడి తనకు కావలసినంత ముందుకు పోలేదు, ఉక్కు తనకు చాలినంత దగ్గర ఆగిపోలేదు. ఈ తేడాను ఎవరో ఒకరు, ఎలాగో ఒకలా భరించాలి.

ముందు, వంగనివ్వకపోతే ఏమవుతుందో చూద్దాం. పట్టీని రెండు గట్టి పలకల మధ్య పెట్టి నిటారుగానే ఉండేలా అణచి పట్టుకున్నాం అనుకోండి. పొడుగ్గా సాగే స్వేచ్ఛ ఉంది, వంగే స్వేచ్ఛ మాత్రం లేదు. అప్పుడు 56 మైక్రాన్లనూ సాగడం, కుంగడం ద్వారానే సర్దుకోవాలి. ఇత్తడిని ఉక్కు వెనక్కి నొక్కుతుంది, ఉక్కును ఇత్తడి ముందుకు లాగుతుంది. ఉక్కు ఇత్తడికన్నా రెండు రెట్లు గట్టిది, కాబట్టి ఇత్తడి ఎక్కువ లొంగుతుంది, ఉక్కు తక్కువ లొంగుతుంది. లెక్క వేస్తే ఆ బలం సుమారు 187 న్యూటన్లు, అంటే 19 కిలోల బరువు. అర మిల్లీమీటరు రేకుల మధ్య, కంటికి ఆనని తేడా కోసం, 19 కిలోలు!

ఇప్పుడు పలకలు తీసేద్దాం. పట్టీ వంగుతుంది. వంగడం వల్ల ఒరిగేదేమిటో ఇక్కడే తెలుస్తుంది. ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రంకన్నా ఎక్కువ దూరం నడుస్తుంది. పట్టీలోనూ అంతే. ప్రతి రేకు మందానికి సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. ఆ రెండు నడిమి గీతల మధ్య దూరం అర మిల్లీమీటరు. పట్టీ వంగిందంటే బయట ఉన్న ఇత్తడి నడిమి గీతకు, లోపల ఉన్న ఉక్కు నడిమి గీతకన్నా పొడవైన దారి దొరుకుతుంది. ఇత్తడి అడుగుతున్నది సరిగ్గా అదే. అంటే సాగడం, కుంగడం అనే బాధ లేకుండా పొడవు తేడాను సర్దేయగల మూడో దారి వంపు.

అలాంటప్పుడు మొత్తం 56 మైక్రాన్లనూ వంపే ఎందుకు మింగెయ్యదు? ఎందుకంటే రేకులు ఊరికే వంగవు. ఏ రేకునైనా వంచాలంటే బలం కావాలి. ఆ పని చేసే చెయ్యి బయట ఎక్కడా లేదు. వంచే శక్తి రేకుల మధ్య ఉన్న ఆ బలం నుంచే రావాలి. ఉక్కు నడిమి గీత వెంట లాగుడు, ఇత్తడి నడిమి గీత వెంట అంతే నొక్కుడు. ఎదురెదురు దిశల్లో సమానమైన రెండు బలాలు అర మిల్లీమీటరు దూరంలో ఉంటే అవి తిప్పే భ్రామకాన్ని ఇస్తాయి. ఆ భ్రామకమే రేకులను వంచుతుంది. కాబట్టి బలం పూర్తిగా పోతే వంపూ పోతుంది. వంపు బలాన్ని తగ్గిస్తుంది, బలం వంపును నిలబెడుతుంది. ఈ రెండూ ఎక్కడో ఒక చోట రాజీపడాలి. ఆ చోటును కనుక్కోవడమే మన లెక్క.

తెలియనివి రెండు: రేకుల మధ్య బలం P, వక్రత κ. వక్రత అంటే వంపు వ్యాసార్ధానికి తలకిందులు, అది ఎంత ఎక్కువైతే పట్టీ అంత ఎక్కువ వంగినట్టు. తెలియనివి రెండైతే షరతులూ రెండు కావాలి.

మొదటి షరతు సమతుల్యం. బలాల జంట ఇచ్చే భ్రామకం P × 0.5. రెండు రేకులనూ వంచడానికి పట్టే భ్రామకం దీనికి సమానం కావాలి. రేకు వంపును ఎంత ఎదిరిస్తుందన్నది దాని యంగ్ గుణకం, వెడల్పు, మందం ఘనం మీద ఆధారపడుతుంది. ఇత్తడికి యంగ్ గుణకం 100 గిగాపాస్కల్, ఉక్కుకు 200 అని తీసుకుంటే, న్యూటన్లు, మిల్లీమీటర్లలో ఇత్తడి రేకు బిగువు సుమారు 10,417, ఉక్కు రేకుది 20,833. కలిపితే 31,250.

రెండో షరతు పొడవులు కలవడం. ఒక్కో మిల్లీమీటరు పొడవుకు తేడా 0.00056 మి.మీ. దాన్ని ముగ్గురు పంచుకోవాలి: ఇత్తడి కుంగుదల, ఉక్కు సాగుదల, వంపు ఇచ్చే అదనపు దారి. ఒక్కో రేకు అడ్డుకోత 5 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి ఇత్తడి కుంగుదల P/500000, ఉక్కు సాగుదల P/1000000. వంపు వాటా నడిమి గీతల మధ్య దూరం గుణకారం వక్రత.

```
P × 0.5 = 31250 × κ
P/500000 + P/1000000 + 0.5 × κ = 0.00056
```

మొదటి వరుస నుంచి P అంటే 62,500 రెట్ల κ. దాన్ని రెండో వరుసలో పెడితే 0.1875 κ కు 0.5 κ కలిసి 0.6875 κ అవుతుంది, అది 0.00056 కు సమానం. κ విలువ మిల్లీమీటరుకు 0.000815. తలకిందులు చేస్తే వంపు వ్యాసార్ధం 1,228 మి.మీ., అంటే సుమారు 1.23 మీటర్లు. బలం P దాదాపు 51 న్యూటన్లు, అయిదు కిలోల చిల్లర బరువు.

నిటారుగా అణచి పట్టినప్పుడు 187 న్యూటన్లున్న బలం, వంగనిచ్చేసరికి 51 న్యూటన్లకు దిగింది. 56 మైక్రాన్ల పంపకం కూడా చూడండి. వంపు వాటా దాదాపు 41 మైక్రాన్లు. ఇత్తడి కుంగింది 10 మైక్రాన్లు. ఉక్కు సాగింది 5 మైక్రాన్లు. మూడు వంతులకు కాస్త తక్కువ భారాన్ని వంపే మోసింది. మిగిలిన వంతులో ఇత్తడి, ఉక్కు తమ తమ గట్టిదనాన్ని బట్టి రెండుకు ఒకటి చొప్పున పంచుకున్నాయి.

పట్టీ ఒక చివరను బిగించి రెండో చివరను వదిలేస్తే ఆ వదిలిన కొన ఎంత పక్కకు జరుగుతుంది? పొడవు వర్గాన్ని వ్యాసార్ధానికి రెండు రెట్లతో భాగిస్తే చాలు, 4.07 మి.మీ. వస్తుంది. 56 మైక్రాన్ల తేడా నాలుగు మిల్లీమీటర్ల కదలికగా మారింది, 70 రెట్లకు పైనే పెరిగింది. పళ్లచక్రాలు లేవు, కీళ్లు లేవు, అరిగిపోయే భాగం ఒక్కటీ లేదు. కంటికి కనపడని తేడాను స్విచ్చిని నొక్కగల కదలికగా మార్చే ఇంత సాదా యంత్రం ఇంకోటి దొరకడం కష్టం.

అయితే కదలికకూ బలానికీ ముడిపెట్టి పొరబడకూడదు. లోపల 51 న్యూటన్లు ఉన్నాయి కదా అని కొన కూడా అంత బలంతో నెడుతుందనుకుంటే దెబ్బతింటాం. కొనను కదలకుండా పట్టుకుంటే అది నెట్టగలిగేది 1.4 న్యూటన్లు, అంటే 140 గ్రాముల బరువు. ఇంకా బలంగా నెట్టాలంటే పట్టీని మందం చేయాలి. రేకుల మందం రెండింతలు చేస్తే నెట్టే బలం నాలుగింతలు అవుతుంది, కానీ కొన కదలిక సగమైపోతుంది. వెడల్పు పెంచితే మాత్రం వంపు మారదు, బలం ఒక్కటే వెడల్పుతో పాటు పెరుగుతుంది. థర్మోస్టాట్ తయారుచేసేవాళ్లు నిత్యం తూకం వేసేది ఈ రెంటినే: ఎంత కదలాలి, ఎంత బలంగా నొక్కాలి.

ఇక రేకుల లోపలికి వెళదాం. ఇత్తడి నొక్కుడులో ఉంది, ఉక్కు లాగుడులో ఉంది అని ఇందాక అనుకున్నాం. సగటున అది నిజం. కానీ వంపు వల్ల ప్రతి రేకులోనూ ఒక ముఖం అదనంగా సాగుతుంది, ఇంకో ముఖం అదనంగా కుంగుతుంది. రెండూ కలిపి చూస్తే ఫలితం వింతగా ఉంటుంది. ఇత్తడి బయటి ముఖం నిజానికి లాగుడులో ఉంది, చదరపు మిల్లీమీటరుకు 10 న్యూటన్లు. అతుకు దగ్గర అదే ఇత్తడి 30 న్యూటన్ల నొక్కుడులో ఉంది. ఉక్కు అతుకు ముఖం 51 న్యూటన్ల లాగుడులో, బయటి ముఖం 30 న్యూటన్ల నొక్కుడులో ఉన్నాయి. ఒకే గీతకు ఇటు నొక్కుడు, అటు లాగుడు. పట్టీలో అన్నిటికన్నా ఒత్తిడికి గురయ్యే చోటు అతుకే.

చాలామంది తప్పుగా ఊహించుకునే విషయం ఒకటి ఇక్కడే ఉంది. అతుకు పొడవునా రెండు రేకులూ ఒకదాన్నొకటి రాసుకుంటూ, జారబోతూ ఉంటాయని అనుకుంటారు. పట్టీ మధ్య భాగంలో ఆ జారుడు బలం దాదాపు సున్నా. ఉక్కులో లాగుడు ఈ మిల్లీమీటరు దగ్గరా 51 న్యూటన్లే, పక్క మిల్లీమీటరు దగ్గరా 51 న్యూటన్లే. పెరగడం లేదు, తరగడం లేదు. అలాంటప్పుడు అతుకు గుండా ఒక రేకు నుంచి ఇంకో రేకుకు బలం బదిలీ కావాల్సిన పనే లేదు. మరి ఆ 51 న్యూటన్లు రేకులోకి ఎక్కడి నుంచి వచ్చాయి? చివర్ల నుంచి. పట్టీ స్వేచ్ఛగా ఉన్న కొన దగ్గర రేకును లాగేవాళ్లెవరూ లేరు, అక్కడ బలం సున్నా కావాలి. కొన నుంచి పట్టీ మందమంత దూరంలో, అంటే మనకు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల మేరలో, సున్నా నుంచి 51 న్యూటన్లకు ఎగబాకుతుంది. జారుడు బలమంతా ఆ చిన్న జాగాలోనే గుమికూడుతుంది. దానితోపాటు రేకులను ఒకదాన్నుంచి ఒకటి ఎత్తి విడదీయాలని చూసే బలం కూడా అక్కడే పుడుతుంది. ద్విలోహ పట్టీ ఊడితే చివర నుంచే ఎందుకు ఊడుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. మనం రాసుకున్న రెండు షరతులు ఈ చివరి మిల్లీమీటర్ల గురించి ఏమీ చెప్పవు. అవి చివర్లకు దూరంగా ఉన్న భాగానికే సరిపోతాయి. సూత్రాన్ని వాడేటప్పుడు దాని హద్దు ఎక్కడుందో గుర్తుంచుకోవాలి.

ఈ పట్టీని మొదట పనిలో పెట్టింది గడియారాలు చేసే జాన్ హారిసన్ అనే ఇంగ్లండు వడ్రంగి. సముద్రంలో ఓడ ఎక్కడుందో తెలియాలంటే వేడికీ చలికీ తడబడని గడియారం కావాలి. హారిసన్ తన మూడో సముద్ర గడియారం మీద 19 ఏళ్లు పనిచేసి 1759 ప్రాంతంలో పూర్తిచేశాడు. అందులో ఇత్తడి, ఉక్కు రేకులను రివెట్లతో బిగించి, ఆ పట్టీ వంపు గడియారం స్ప్రింగు పనిచేసే పొడవును సరిదిద్దేలా అమర్చాడు. ఆ గడియారం నేటికీ గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీలో ఉంది. హారిసన్‌కు వంపు లెక్క తెలియదు. ఎన్నో పట్టీలు చేసి, చూసి, దిద్ది సాధించాడు.

లెక్కను సంపూర్ణంగా రాసిపెట్టింది స్టీఫెన్ టిమోషెంకో. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పదార్థాల బలం చదివిన ప్రతివారికీ ఆయన పేరు పరిచయమే. ఉక్రెయిన్‌లో పుట్టి, 1922లో అమెరికా వెళ్లి, వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పనిచేస్తున్న రోజుల్లో, 1925లో ద్విలోహ థర్మోస్టాట్ల మీద ఆయన వ్యాసం అచ్చయింది. రేకుల మందాలు వేరైనా, గట్టిదనాలు వేరైనా పనికొచ్చే సూత్రం అందులో ఉంది. మనం పైన చేసిన లెక్క ఆయన దారిలోదే, కాకపోతే ఒక్క పట్టీకి కుదించాం.

ఆ సూత్రం నుంచి తేలే ఒక సంగతి నాకు మిగతా అన్నిటికన్నా నచ్చుతుంది. రెండు రేకుల మందం సమానమై, గట్టిదనం కూడా సమానమైతే వక్రత ఇలా వస్తుంది:

```
κ = 1.5 × (α₁ − α₂) × ΔT / h
```

ఇక్కడ h మొత్తం మందం, α రెండు లోహాల వ్యాకోచ గుణకాలు, ΔT ఉష్ణోగ్రత పెరుగుదల. మన పట్టీలో ఉక్కు ఇత్తడికి రెండు రెట్లు గట్టిది. అయినా ఆ 1.5 స్థానంలో వచ్చింది 1.45 మాత్రమే. మూడు శాతం తేడా. ఒక లోహం ఇంకోదానికి నాలుగు రెట్లు గట్టిదైనా 1.32 దగ్గర ఆగుతుంది. అంటే వంపు విషయంలో లోహం ఎంత గట్టిదన్నది దాదాపు లెక్కలోకి రాదు. బలం P మాత్రం గట్టిదనాన్ని బట్టి బాగా మారుతుంది. వంపును శాసించేవి వ్యాకోచాల తేడా, మందం, ఈ రెండే. అందుకే ఎక్కువ వంగే పట్టీ కోసం వెతికినవాళ్లు గట్టి లోహాల వెంట పడకుండా వ్యాకోచించని లోహం వెంట పడ్డారు. 1896లో షార్ల్ ఎడ్వార్డ్ గియోమ్ కనుక్కున్న ఇన్వార్ అనే మిశ్రమంలో ఇనుముతోపాటు 36 శాతం నికెల్ ఉంటుంది. అది డిగ్రీకి పది లక్షల్లో ఒక వంతుకు కాస్త ఎక్కువగా పెరుగుతుంది, అంతే. ఆ పరిశోధనలకే ఆయనకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. మన పట్టీలో ఉక్కు తీసేసి ఇన్వార్ పెడితే వ్యాకోచాల తేడా 7 నుంచి దాదాపు 18కి చేరుతుంది. అదే మరిగే నీళ్లలో కొన నాలుగు మిల్లీమీటర్ల బదులు పది మిల్లీమీటర్లు జరుగుతుంది. అయితే సుమారు 200 డిగ్రీలు దాటాక ఇన్వార్ కూడా మామూలు లోహంలా పెరగడం మొదలుపెడుతుంది, ఆ పైన ఈ లాభం పోతుంది.

ఈ లెక్కలు రోజూ పనిచేసే ఒక చోటు మన పొలాల్లో ఉంది. బోరు మోటారు స్టార్టరు డబ్బాలో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. దాని మూత విప్పితే పక్కపక్కనే మూడు ద్విలోహ పట్టీలు కనిపిస్తాయి, ఒక్కో ఫేజుకు ఒకటి. ప్రతి పట్టీకీ సన్నని హీటరు తీగ చుట్టి ఉంటుంది. మోటారుకు పోయే కరెంటు ఆ తీగల గుండానే పోతుంది. కరెంటు ఎక్కువైతే తీగ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, మూడింటి కొనల ముందున్న చిన్న ప్లాస్టిక్ జరుగుడు బద్దను నెడుతుంది. బద్ద ఒక మీటను తప్పిస్తే స్టార్టరు కాయిల్‌కు కరెంటు తెగి మోటారు ఆగిపోతుంది. ఆ చిన్న మీటను తప్పించడానికి కొన దగ్గరి కాస్త బలం చాలు.

ఒక ఫేజు పోయినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే ఈ రిలే విలువ తెలుస్తుంది. మోటారు అదే లోడును లాగుతూ రెండు ఫేజుల మీద నడిస్తే, ఆ రెండు తీగల్లో కరెంటు సుమారు 1.7 రెట్లవుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పుడుతుంది కాబట్టి అది మూడు రెట్లు. పట్టీ ఆ వేడిని అందుకుని వంగడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఆ ఆలస్యం కావాలనే ఉంచింది. మోటారు తిరగడం మొదలెట్టిన క్షణాల్లో కరెంటు మామూలుగానే ఎక్కువ లాగుతుంది. పట్టీ వెంటనే వంగితే మోటారు ఎప్పటికీ మొదలవదు. ట్రిప్పయ్యాక రీసెట్ బొత్తాం వెంటనే నొక్కితే నిలవకపోవడానికీ ఇదే కారణం, పట్టీ చల్లారి నిటారుగా రావాలి కదా.

ఇక్కడ ఎండాకాలం ఒక చిక్కు తెస్తుంది. పట్టీకి వేడి తీగ నుంచి వచ్చిందా, ఎండ నుంచి వచ్చిందా అన్నది తెలియదు. 20 డిగ్రీల దగ్గర సరిచేసిన మన పట్టీని 45 డిగ్రీల గాలిలో పెడితే, కరెంటు లేకుండానే కొన 1.27 మి.మీ. జరిగిపోతుంది. మరిగే నీళ్లలో జరిగినదాంట్లో దాదాపు మూడో వంతు అది. రామగుండంలో, ఖమ్మంలో మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న ఇనప డబ్బా లోపలి వేడి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మోటారుకు ఏ ఇబ్బందీ లేకపోయినా రిలే తెగిపోతూ ఉంటే చాలామంది విసిగిపోయి డయల్‌ను పైకి తిప్పేస్తారు, లేదా రిలేను దాటించి వైరు కలిపేస్తారు. ఆ తర్వాత ఫేజు పోయిన రోజున వైండింగ్ కాలిపోతుంది. దీనికి రిలే తయారీదారులు కనిపెట్టిన ఉపాయం ఇంకో ద్విలోహ పట్టీయే. మీట దగ్గర, హీటరు తీగ లేని నాలుగో పట్టీని పెడతారు. ఎండకు మూడు పట్టీలూ ఎంత వంగుతాయో అది కూడా అదే దిక్కుకు అంత వంగి, మీటను వెనక్కి జరుపుతుంది. మధ్యనున్న సందు మారదు. కరెంటు వల్ల వచ్చిన వంపు మాత్రమే సందును పూడుస్తుంది. రిలే కొనేటప్పుడు పరిసర ఉష్ణోగ్రత సవరణ ఉందా అని అడగాల్సింది ఈ నాలుగో పట్టీ గురించే. మన ఎండలకు అది లేని రిలే కొనడం తప్పని నా అభిప్రాయం.

పట్టీలు చెడిపోయే దారులు ముఖ్యంగా రెండు. వాటిని వేరుచేసి గుర్తించడానికి పైన వేసిన లెక్కే పనికొస్తుంది. మొదటిది అతిగా వేడెక్కడం. 80 డిగ్రీల పెరుగుదలకు అతుకు దగ్గర ఇత్తడిలో 30 న్యూటన్ల నొక్కుడు వచ్చింది. పెరుగుదల 300 డిగ్రీలైతే అది 110 దాటుతుంది. మెత్తటి ఇత్తడి సుమారు 100 దగ్గరే శాశ్వతంగా కుంగిపోవడం మొదలుపెడుతుంది. ఒకసారి అలా కుంగితే చల్లారాక పట్టీ నిటారుగా రాదు, వెనక్కి వంకర పోతుంది. కానీ ఆ తర్వాత డిగ్రీకి ఎంత కదలాలో అంతే కదులుతుంది, ఎందుకంటే గుణకాలూ మారలేదు, మందమూ మారలేదు. మొదలయ్యే చోటు జరిగింది, కదిలే తీరు అలాగే ఉంది. అలాంటి పట్టీని స్క్రూ తిప్పి మళ్లీ సరిచేసుకోవచ్చు. కొత్త పట్టీలను వాడకానికి ముందే, పనిలో చూడబోయే వేడికన్నా ఎక్కువ వేడికి కొన్నిసార్లు కాచి చల్లార్చే అలవాటు కూడా ఇందుకే. రేకులను రోలర్ల మధ్య నొక్కి అతికించినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువులు ఆ కాపుతో సర్దుకుంటాయి, తర్వాత సున్నా కదలకుండా ఉంటుంది.

రెండోది అతుకు ఊడటం. ఇది మోసకారి. కొన దగ్గర 10 మి.మీ. మేర రేకులు విడిపోయాయనుకోండి. ఆ భాగం ఇక వంగదు, నిటారుగా ఉంటుంది. కానీ మిగిలిన 90 మి.మీ. వంగి, దాన్ని తన వాలులోనే మోసుకుపోతుంది. కొన కదలికలో తగ్గేది 0.04 మి.మీ. మాత్రమే, ఒక శాతం. 30 మి.మీ. ఊడినా తగ్గేది 0.37 మి.మీ. కొలిచి చూసి బాగానే ఉందనుకుంటాం. ఈలోగా ఊడిన అంచు దగ్గర అదే 51 న్యూటన్లు మళ్లీ కొత్త చివరలో గుమికూడి పగులును లోపలికి నడిపిస్తూ ఉంటాయి. పాత స్టార్టరు విప్పినప్పుడు కదలికను కొలిచి ఊరుకోకుండా, పట్టీని పక్క నుంచి వెలుతురుకు పట్టి కొన అంచును చూడాలి. రెండు లోహాల మధ్య గీత అక్కడ సన్నని నల్లటి సందుగా తెరుచుకుని ఉంటే, రీడింగు ఎంత సరిగ్గా ఉన్నా ఆ పట్టీని మార్చేయాల్సిందే.